కిడ్నీలో రాయి: మూత్రం చెప్పే లెక్క

కిడ్నీలో రాయి ఉందని తేలిన మనిషి స్కానింగ్ కాగితం పట్టుకుని ఇంటికి చేరేలోగానే సలహాలు చుట్టుముడతాయి. పాలు, పెరుగు మానేయమని ఒకరంటారు. టమాటా గింజలు తీసేసి వండమని ఇంకొకరు చెబుతారు. ఉలవచారు తాగితే రాయి కరిగిపోతుందని పక్కింటివారి మాట. డాక్టరు మాత్రం "నీళ్లు బాగా తాగండి" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ఆ ముక్క నిజమే, కానీ అందులో కొలత లేదు. బాగా అంటే ఎంత? ఎండలో పనిచేసేవారికీ ఏసీ గదిలో కూర్చునేవారికీ ఒకటే లెక్కా? నొప్పి వస్తున్నప్పుడు కూడా తాగాలా? ఏ నొప్పికి మాత్ర వేసుకుని ఇంట్లో ఉండొచ్చు, ఏ నొప్పికి అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాలి?

వేసవి వస్తే యూరాలజీ ఓపీల్లో కనిపించే రోగుల లక్షణాలన్నీ కలిపి ఒక మనిషిని ఊహించుకుందాం. అతను ఖమ్మం దగ్గర ఉండే తాపీ మేస్త్రీ. వయసు 38. అతని రాయి పుట్టినప్పటి నుంచి బయటపడేదాకా వెంట నడిస్తే పై ప్రశ్నలన్నిటికీ జవాబులు దొరుకుతాయి.

తెల్లవారుజాము నొప్పి

మే నెల. పగలంతా స్లాబు పని చేసి వచ్చి పడుకున్న మేస్త్రీకి రాత్రి మూడు గంటలప్పుడు మెలకువ వచ్చింది. ఎడమవైపు వెనక, చివరి పక్కటెముక కింద మెలిపెడుతున్నట్టు నొప్పి. గ్యాస్ అనుకుని వాము నమిలాడు. పావుగంట తిరగకుండానే నొప్పి డొక్క మీదుగా ముందుకు దిగి గజ్జల్లోకి, వృషణం దాకా పాకింది. రెండుసార్లు వాంతి అయింది. పడుకోలేడు, కూర్చోలేడు. మంచం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అరగంటకు కాస్త నెమ్మదించింది. హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ మొదలైంది.

అలా తిరుగుతూ ఉండటమే డాక్టరుకు మొదటి ఆనవాలు. అపెండిక్స్ ముదిరి కడుపు లోపలి పొరకు వాపు పాకిన మనిషి కదలకుండా ముడుచుకుని పడుకుంటాడు. కదిలితే నొప్పి పెరుగుతుందని అతనికి తెలుసు. రాయి నొప్పి ఉన్న మనిషికి ఎలా ఒరిగినా సుఖం ఉండదు కాబట్టి ఒక్కచోట నిలవలేడు. నొప్పి అలలు అలలుగా రావడం, వెనక నుంచి గజ్జలకు దిగడం, వాంతులు, మూత్రం ఎర్రగా రావడం మిగతా గుర్తులు. ఆడవారికి ఇదే నొప్పి జననాంగం వైపు దిగుతుంది. మూత్రంలో రక్తం కంటికి కనిపించకపోయినా పరీక్షలో చాలామందికి బయటపడుతుంది. అయితే కొందరికి పరీక్షలోనూ కనిపించదు. కాబట్టి రక్తం లేదు గనక రాయి లేదని తేల్చేయకూడదు.

నొప్పి ఎందుకు వస్తుందో తెలిస్తే తర్వాత జరిగేదంతా అర్థమవుతుంది. రాయి గరుకుగా ఉండి గీరుకుపోవడం వల్లే బాధ అని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే మూత్రనాళం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, లోపలి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లే. అందులోనూ మూడు ఇరుకులున్నాయి. ఒకటి కిడ్నీ నుంచి నాళం మొదలయ్యే చోట, రెండోది కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాల మీదుగా అది దాటే చోట, మూడోది మూత్రాశయంలోకి దూరే చోట. ఈ మూడోది అన్నిటికన్నా ఇరుకు. రాయి వీటిలో ఎక్కడ చిక్కినా పైనుంచి వస్తున్న మూత్రం ఆగి వెనక్కి నిలుస్తుంది. కిడ్నీ ఉబ్బుతుంది. రాయిని కిందికి తోయడానికి నాళం కండరాలు బిగుసుకుంటాయి. ఆ ఒత్తిడే నొప్పి.

అందుకే కిడ్నీలో కదలకుండా కూర్చున్న 15 మిల్లీమీటర్ల రాయి ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. నాళంలోకి జారిన నాలుగు మిల్లీమీటర్ల రాయి మనిషిని నేల మీద దొర్లిస్తుంది. నొప్పి ఎక్కువైనంత మాత్రాన రాయి పెద్దదని కాదు, తక్కువైనంత మాత్రాన ప్రమాదం తక్కువనీ కాదు.

రాయి కిందికి దిగేకొద్దీ నొప్పి చోటు మారుతుంది. మూత్రాశయం దగ్గరికి వచ్చేసరికి పదేపదే మూత్రానికి వెళ్లాలనిపిస్తుంది, వెళితే నాలుగు చుక్కలే వస్తాయి, చివర్లో మంట. దీన్ని చాలామంది వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగి ఊరుకుంటారు. నడుము పక్క నొప్పి వచ్చిన కొన్ని రోజులకు ఇలా మొదలైతే రాయి చివరి ఇరుకు దాకా దిగిందేమోనని అనుమానించాలి.

రాయి ఎలా పేరుకుంటుంది

ఆసుపత్రిలో మేస్త్రీకి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఈ రకం మందు నొప్పిని చంపడంతో పాటు, కిడ్నీలో ఒత్తిడి పెంచే రసాయనాలను కూడా తగ్గిస్తుంది. అందుకే రాయి నొప్పికి ఇది బాగా పనిచేస్తుంది. కిడ్నీ పనితీరు తగ్గినవారికీ కడుపులో పుండ్లు ఉన్నవారికీ మాత్రం ఇది మంచిది కాదు. మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకోవద్దనేది అందుకే. నొప్పి తగ్గాక సీటీ స్కాన్ తీశారు. ఎడమ మూత్రనాళం కింది భాగంలో ఆరు మిల్లీమీటర్ల రాయి. దాని పైన కిడ్నీ కొంచెం వాచి ఉంది.

మేస్త్రీకి ఒక్కటే అనుమానం. "రోజూ పనికాడికి నాలుగు లీటర్ల నీళ్లు తీసుకుపోతా సార్. సాయంత్రానికి చుక్క మిగలదు. నాకు రాయెందుకు వచ్చింది?"

"తాగింది సరే మేస్త్రీ, పోసింది ఎంత?" అన్నాడు డాక్టరు.

పటికబెల్లం ఎలా తయారవుతుందో తెలిసినవారికి ఈ ప్రశ్న వెంటనే అందుతుంది. చిక్కటి చక్కెర పాకంలో దారం వేలాడదీస్తే కొన్ని రోజులకు దానికి పలుకులు కడతాయి. పాకం పలచగా ఉంటే ఎన్నాళ్లు ఉంచినా దారం బోసిగానే ఉంటుంది. మూత్రంలోనూ ఇదే జరుగుతుంది. కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ ఆమ్లం అందరి మూత్రంలోనూ రోజూ బయటికి పోతాయి. నీరు తగ్గి మూత్రం చిక్కబడితే అవి కరిగి ఉండలేక పలుకులు కడతాయి. దారం పాత్ర పోషించేవి కిడ్నీ లోపలి గోడ మీద ఏర్పడే కాల్షియం మచ్చలు. అమెరికా డాక్టరు అలెగ్జాండర్ రాండల్ 1930లలో వీటిని గుర్తించాడు. వాటికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. పలుకు మచ్చను పట్టుకుని నెలల తరబడి పెరుగుతుంది, ఒకనాడు ఊడి నాళంలోకి జారుతుంది.

ఎక్కువమందిలో కనిపించేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. యూరిక్ ఆమ్లం రాళ్లు షుగరు, ఊబకాయం ఉన్నవారిలో ఎక్కువ, ఎందుకంటే వారి మూత్రంలో ఆమ్లగుణం ఎక్కువ. మూత్రంలో కొన్ని రకాల ఇన్‌ఫెక్షన్ పదేపదే వస్తే మరో రకం రాయి పుట్టి, కిడ్నీ అంతటా కొమ్మల్లా వ్యాపిస్తుంది. రాయి రకాన్ని బట్టి మందు మారుతుంది. పలచటి మూత్రం మాత్రం అందరికీ కావలసిందే.

నాలుగు లీటర్లు ఎటు పోయాయి?

మేస్త్రీ నీళ్ల లెక్క తీద్దాం. తాగింది నాలుగు లీటర్లు. అన్నం, కూర, మజ్జిగలోంచి ఇంకొంత వచ్చింది. ఖమ్మం మే ఎండలో ఎనిమిది గంటలు ఇటుక, సిమెంటు పనిచేస్తే మూడు లీటర్లకు పైగా చెమటగా పోవడం వింతేమీ కాదు. ఊపిరి వెంట, మలం వెంట కొంత పోతుంది. ఇక మూత్రానికి మిగిలింది 900 మిల్లీలీటర్లు. అదే మనిషి ఏసీ గదిలో కూర్చుని మూడు లీటర్లు తాగి ఉంటే అంతకు రెట్టింపుకు మించి మూత్రం వచ్చేది. కాబట్టి ఎన్ని లీటర్లు తాగాలన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే జవాబు లేదు. ఎంత మూత్రం రావాలన్నదానికి ఉంది. ఒకసారి రాయి వచ్చినవారికి 24 గంటల్లో కనీసం రెండున్నర లీటర్ల మూత్రం రావాలని అమెరికా యూరాలజీ వైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆ రెండున్నర లీటర్లతో ఏం మారుతుంది? ఒక మనిషి మూత్రంలో రోజుకు 40 మిల్లీగ్రాముల ఆక్సలేట్ పోతోందనుకుందాం. మూత్రం 900 మిల్లీలీటర్లయితే లీటరుకు 44 మిల్లీగ్రాములు పడుతుంది. రెండున్నర లీటర్లయితే లీటరుకు 16. కాల్షియం కూడా ఇదే నిష్పత్తిలో పలచబడుతుంది. రాయి కట్టడానికి రెండూ కలవాలి గనక ఆ కలయికకు ఉన్న అవకాశం రెండు వైపుల నుంచీ దెబ్బతింటుంది. ఒక్కొక్కటి మూడో వంతుకు దగ్గరగా తగ్గితే, రెండింటి గుణకారం సుమారుగా ఏడు రెట్లకు పైగా తగ్గుతుంది. తిండి మార్చకుండా, మందు వేయకుండా వచ్చిన తేడా ఇది.

ఇటలీలోని పార్మాలో లోరిస్ బోర్గీ బృందం దీన్ని పరీక్షించి 1996లో ప్రచురించింది. మొదటిసారి కాల్షియం రాయి వచ్చిన 199 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టును మూత్రం రెండు లీటర్లు దాటేలా నీళ్లు తాగమన్నారు. రెండో జట్టుకు ఏమీ చెప్పలేదు. ఐదేళ్లలో నీళ్లు తాగిన జట్టులో 12 శాతం మందికి మళ్లీ రాయి వచ్చింది. రెండో జట్టులో 27 శాతం మందికి వచ్చింది. నీళ్లు రాయి ముప్పును సగానికి మించి తగ్గించాయి గానీ పూర్తిగా తుడిచేయలేదు. నీళ్లు తాగుతున్నా రాయి వచ్చినవారు తమను తాము తిట్టుకోనక్కర్లేదు. వారికి మరో కారణం వెతకాలి.

కొలవడం ఎలా?

కొలవడానికి ల్యాబుకు వెళ్లక్కర్లేదు. పాత రెండు లీటర్ల సీసాలు రెండు, గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి చాలు. ఉదయం ఆరింటికి లేచి మొదటిసారి పోసిన మూత్రాన్ని వదిలేయాలి. అది నిన్నటిది. అక్కడి నుంచి రోజంతా, రాత్రి కూడా, వచ్చినదంతా సీసాలో పట్టాలి. మర్నాడు ఉదయం ఆరింటికి పోసినదాన్ని కూడా కలిపి కొలవాలి. పనికి వెళ్లిన రోజు ఒకసారి, సెలవు రోజు ఒకసారి కొలిస్తే అసలు తేడా బయటపడుతుంది. మేస్త్రీకి పనిరోజు 900 మిల్లీలీటర్లు వస్తే సెలవు రోజు 1,700 వచ్చింది.

రెండున్నర లీటర్లకు పనిరోజు లోటు 1,600 మిల్లీలీటర్లు. కాబట్టి ఆ రోజుల్లో ఇప్పుడు తాగేదానికి మరో 1,600 కలిపి, అంటే ఐదున్నర లీటర్లకు పైగా తాగాలి. సెలవు రోజు ఇంకో 800 కలిపితే చాలు. వారం తర్వాత మళ్లీ కొలిచి సరిచూసుకోవాలి. ఇంతా ఒకేసారి తాగకూడదు. గంటకు ఒకటి రెండు గ్లాసుల చొప్పున రోజంతా పంచాలి. ఒక్క గంటలో రెండు మూడు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మగత, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి.

రాత్రి పూట మూత్రం అన్నిటికన్నా చిక్కగా ఉంటుంది, ఎందుకంటే ఏడెనిమిది గంటలు ఏమీ తాగం. పడుకునే ముందు ఒక గ్లాసు తాగాలి. మధ్యలో మూత్రానికి లేస్తే ఇంకో గ్లాసు తాగి పడుకోవాలి. కొలవలేని రోజుల్లో రంగు చూడాలి. మూత్రం నీళ్లకు దగ్గరగా లేత పసుపులో ఉంటే సరిపోతోందని అర్థం. ముదురు పసుపు, టీ రంగు అయితే చాలదు. బీ-కాంప్లెక్స్ మాత్రలు వేసుకునేవారికి ఎంత తాగినా మూత్రం పచ్చగానే వస్తుంది, వారికి రంగు లెక్క పనికిరాదు.

నీళ్లు దొరకక కాదు, మూత్రానికి వెళ్లే చోటు లేక తాగనివారు చాలామంది. బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు, పొలం పనికి వెళ్లే ఆడవాళ్లు, బస్సు కండక్టర్లు ఇలాంటివారే. వీరికి "తాగండి" అని చెప్పి పంపితే సలహా గుమ్మం దాటదు. పనికి వెళ్లే ముందు, ఇంటికి రాగానే, రాత్రి భోజనానికి ముందు, పడుకునే ముందు తాగి, ఇంట్లో ఉండే గంటల్లోనే ఎక్కువ భాగం పూర్తిచేయడం వీరికి కుదిరే దారి.

ఇంకో హెచ్చరిక. గుండె బలహీనంగా ఉన్నవారు, కాళ్లు వాచేవారు, కాలేయం దెబ్బతిన్నవారు, కిడ్నీల పనితీరు బాగా తగ్గినవారు, డయాలసిస్ చేయించుకునేవారు ఈ లెక్క పాటించకూడదు. వారికి నీళ్ల కొలత డాక్టరే చెప్పాలి.

పాలు మానక్కర్లేదు, ఉప్పు తగ్గించాలి

రాయిలో కాల్షియం ఉంది కదా, పాలు మానేస్తే పోలేదా అనే ఆలోచన సహజమే. కానీ పేగులో జరిగేది దీనికి ఎదురు. తిండిలో వచ్చే కాల్షియం, ఆకుకూరల్లో వచ్చే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేసుకుంటుంది. ఆ జంట మలంతో పోతుంది. పాలు, పెరుగు మానేస్తే ఆక్సలేట్‌ను పట్టేవారు లేక అది రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. బోర్గీ బృందమే 2002లో మరో పరిశీలన ప్రచురించింది. మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయే 120 మంది మగవారిలో సగం మందికి కాల్షియం తగ్గించిన తిండి ఇచ్చారు. మిగతా సగానికి కాల్షియం మామూలుగా ఉంచి ఉప్పు, మాంసం తగ్గించారు. ఐదేళ్లకు మొదటి జట్టులో 23 మందికి, రెండో జట్టులో 12 మందికి రాయి మళ్లీ వచ్చింది.

కాబట్టి భోజనంలో పెరుగు ఉండాలి. పాలకూర, చుక్కకూర, తోటకూరల్లో ఆక్సలేట్ ఎక్కువ. వాటిని రోజూ కాకుండా ఎప్పుడైనా వండుకుని, అదే పూట పెరుగన్నం తినాలి. టమాటా గింజల గురించి దిగులు అనవసరం. టమాటాలో ఆక్సలేట్ తక్కువే, గింజ రాయిగా మారదు. కాల్షియం మాత్రలు వేసుకోవలసినవారు వాటిని ఖాళీ కడుపున కాక భోజనంతో పాటు వేసుకోవాలి. విటమిన్ సి మాత్రలు పెద్ద మోతాదులో వేసుకుంటే అది శరీరంలో ఆక్సలేట్‌గా మారుతుంది. రాయి ఉన్నవారు వాటిని డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు.

మన ఇళ్లలో అసలు దోషి ఉప్పు. రక్తంలో సోడియం ఎక్కువైతే కిడ్నీ దాన్ని బయటికి పంపుతూ కాల్షియాన్ని కూడా వెంట పంపుతుంది. రోజుకు ఐదు గ్రాములలోపు, అంటే ఒక చెంచాడు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూరలో, పప్పులో, చారులో వేసినదే దాన్ని దాటుతుంది. ఆ పైన ఆవకాయ, వడియాలు, అప్పడాలు, ఉప్పు కలిపిన మజ్జిగ. మాంసం రోజూ తినేవారికి మూత్రంలో యూరిక్ ఆమ్లం పెరిగి, రాయి కట్టకుండా అడ్డుపడే సిట్రేట్ తగ్గుతుంది. సిట్రేట్ నిమ్మకాయలో ఉంటుంది. నీళ్లలో నిమ్మకాయ పిండుకుని తాగడం మంచిదే, కానీ ఉప్పు వేసిన నిమ్మ సోడా తాగితే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే.

ఉలవచారు, అరటిదవ్వ రసం, కొండపిండి ఆకు కషాయం రాయిని కరిగిస్తాయని నమ్మకం. కాల్షియం రాయిని నోటి ద్వారా తీసుకునే ఏ మందూ కరిగించలేదు. ఆ కషాయాలు తాగుతుండగా రాయి పోయిందని చెప్పేవారు అబద్ధమాడటం లేదు. చిన్న రాళ్లు చాలావరకు వాటంతట అవే పోతాయి, ఆ సమయంలో ఏది తాగితే దానికి పేరొస్తుంది. యూరిక్ ఆమ్లం రాయి సంగతి వేరు. మూత్రంలో ఆమ్లగుణం తగ్గించే పొటాషియం సిట్రేట్ వంటి మందులతో అది నిజంగానే కరుగుతుంది. దానికి డాక్టరు పర్యవేక్షణ, మధ్యమధ్య మూత్ర పరీక్షలు కావాలి.

నొప్పి పోయింది, రాయి పోలేదు

ఐదు మిల్లీమీటర్లలోపు రాళ్లలో మూడింట రెండు వంతులు ఆపరేషన్ లేకుండా బయటపడతాయి. ఐదు నుంచి పది మధ్య ఉన్నవాటిలో సగానికి కొంచెం తక్కువ. మేస్త్రీది ఆరు మిల్లీమీటర్లు, నాళం కింది భాగంలో ఉంది, జ్వరం లేదు, రెండో కిడ్నీ బాగుంది. అందుకని నాళాన్ని సడలించే టామ్సులోసిన్ మాత్ర, నొప్పి మాత్రలు ఇచ్చి, మూడు వారాలకు రమ్మన్నారు. నొప్పి వచ్చినప్పుడు బిందెలకొద్దీ నీళ్లు తాగి రాయిని తోసేయాలని చూడొద్దనీ చెప్పారు. అడ్డు పడి ఉన్న నాళం పైన మూత్రం పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది తప్ప రాయి తొందరగా దిగుతుందని రుజువు లేదు. నొప్పి వేళ దాహానికి తగినంత తాగి, రోజువారీ లెక్కను నొప్పి తగ్గాక అందుకోవాలి.

పదో రోజుకు మేస్త్రీకి నొప్పి పూర్తిగా పోయింది. రాయి పడిపోయిందనుకుని పనిలోకి వెళ్లిపోయాడు. మూత్రాన్ని జల్లెడ పట్టలేదు, రాయి కంటపడలేదు. భార్య పోరు పెడితే మూడో వారం స్కానింగ్‌కు వచ్చాడు. రాయి ఉన్నచోటే ఉంది. కిడ్నీ వాపు మొదటికన్నా పెరిగింది.

చాలామంది కిడ్నీ పోగొట్టుకునేది ఇక్కడే. అడ్డు కొనసాగితే ఆ కిడ్నీకి రక్తం రావడం తగ్గుతుంది, మూత్రం తయారవడం తగ్గుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, నొప్పి కూడా ఆగిపోతుంది. రెండో కిడ్నీ పని అందుకుంటుంది కాబట్టి మూత్రం మామూలుగానే వస్తుంది, రక్తపరీక్షలో క్రియాటినిన్ కూడా పెద్దగా పెరగకపోవచ్చు. లోపల ఒక కిడ్నీ నెలల తరబడి నెమ్మదిగా పాడవుతుంటే బయటికి ఏ గుర్తూ ఉండదు. రాయి కంటితో చూసినా, స్కాన్‌లో లేదని తేలినా తప్ప పోయిందని అనుకోకూడదు. నాలుగు నుంచి ఆరు వారాలకు మించి ఎదురుచూడకూడదు.

మేస్త్రీకి మూత్రమార్గం గుండా సన్నటి గొట్టం పంపి లేజరుతో రాయిని ముక్కలు చేసి తీశారు. కోత లేదు. నాళం వాపు తగ్గేదాకా లోపల డీజే స్టెంట్ అనే మెత్తటి గొట్టం పెట్టి, రెండు వారాలకు తీశారు. స్టెంట్ పెట్టించుకున్నవారు తీయించుకునే తేదీని క్యాలెండర్‌లో రాసుకోవాలి. మరిచిపోయి నెలలు, ఏళ్లు ఉంచుకుంటే దాని మీదే కొత్త రాయి పేరుకుంటుంది.

తెల్లారేదాకా ఆగకూడని గుర్తులు

రాయి నొప్పి ఎంత భయంకరంగా ఉన్నా దానంతట అది ప్రాణం తీయదు. ప్రాణం తీసేది జ్వరం తోడైన రాయి. అడ్డు పడి నిలిచిన మూత్రంలో సూక్ష్మక్రిములు పెరిగితే అవి ఒత్తిడికి నేరుగా రక్తంలోకి ఎక్కుతాయి. నడుము పక్క నొప్పితో పాటు చలి, వణుకు, జ్వరం వస్తే మాత్ర వేసుకుని పొద్దున చూద్దామని పడుకోకూడదు. ఈ స్థితిలో యాంటీబయాటిక్స్ ఒక్కటే చాలవు. స్టెంట్ ద్వారానో, వీపు నుంచి కిడ్నీలోకి గొట్టం వేసో నిలిచిన మూత్రాన్ని గంటల్లోనే బయటికి తీయాలి. రాయి తీయడం ఆ తర్వాత. ముసలివారిలో, షుగరు ఉన్నవారిలో జ్వరం పెద్దగా కనిపించకుండానే మగత, తడబాటు, బీపీ పడిపోవడం మొదలవుతాయి.

మూత్రం పూర్తిగా ఆగిపోవడం రెండో గుర్తు. రెండు వైపులా రాళ్లు అడ్డుపడినా, ఉన్న ఒక్క కిడ్నీకి అడ్డుపడినా ఇలా అవుతుంది. పుట్టుకతో ఒకే కిడ్నీ ఉన్నవారు, కిడ్నీ దానం చేసినవారు, కిడ్నీ మార్పిడి జరిగినవారు ఏ రాయి నొప్పినైనా అత్యవసరంగానే చూడాలి. తాగిన నీరు కూడా నిలవనంత వాంతులు, ఇంజెక్షన్‌కు కూడా తగ్గని నొప్పి, గర్భంతో ఉన్నప్పుడు వచ్చిన నొప్పి కూడా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవే.

కొన్ని నొప్పులు రాయి వేషంలో వస్తాయి. నెల తప్పిన ఆడవారికి పొత్తికడుపు పక్కన నొప్పి వస్తే గర్భం నాళంలో నిలిచిందేమో ముందు చూడాలి. మగపిల్లలకు, యువకులకు వృషణంలో ఉన్నట్టుండి నొప్పి వస్తే అది మెలిపడిందేమో చూడాలి. దానికి కొన్ని గంటలే వ్యవధి ఉంటుంది. అరవై దాటినవారికి, ముఖ్యంగా పొగతాగే మగవారికి మొదటిసారి రాయి లాంటి నొప్పి వచ్చి కళ్లు తిరిగితే కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బి చీలుతోందేమో అనుమానించాలి. గతంలో రాయి ఉందని ప్రతి నొప్పినీ రాయి ఖాతాలో వేయడం ప్రమాదం.

రాయి బయటపడ్డాక

పడిన రాయిని పారేయకూడదు. టీ వడకట్టే జల్లెడలాంటిది ఒకటి విడిగా పెట్టుకుని అందులోంచి మూత్రం పోస్తే రాయి దొరుకుతుంది. పొడి సీసాలో వేసి పరీక్షకు ఇస్తే అది ఏ రకమో తెలుస్తుంది. మేస్త్రీ రాయి ముక్కలు కాల్షియం ఆక్సలేట్‌గా తేలాయి. రెండోసారి రాయి వచ్చినవారు, చిన్న వయసులో వచ్చినవారు, ఇంట్లో చాలామందికి రాళ్లున్నవారు 24 గంటల మూత్రాన్ని ల్యాబులో పరీక్ష చేయించుకుంటే కాల్షియం ఎక్కువో, సిట్రేట్ తక్కువో బయటపడుతుంది. రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథిని కూడా చూడాలి.

ఏ జాగ్రత్తా తీసుకోకపోతే ఐదు నుంచి పదేళ్లలో సుమారు సగం మందికి రాయి మళ్లీ వస్తుంది. మేస్త్రీ నెల తర్వాత తెచ్చిన లెక్కలో సెలవు రోజు మూత్రం రెండున్నర లీటర్లకు చేరింది. పనిరోజు మాత్రం 1,800 దగ్గరే ఆగింది. "మధ్యాహ్నం భోజనం తర్వాత సాయంత్రం దాకా నీళ్ల క్యాను దగ్గరికి పోవట్లేదు సార్, పని మీద పడిపోతా" అన్నాడు. ఇంకెక్కువ తాగమని డాక్టరు చెప్పలేదు. ఆ మూడు గంటలకు ఒక లీటరు సీసా విడిగా పెట్టుకుని, దాన్ని ఖాళీ చేశాకే పనిముట్లు కడగమన్నాడు. ఏడాదికి ఒకసారి స్కానింగ్ చేయించుకోమన్నాడు. మూత్రాన్ని మాత్రం ఏడాదిలో రెండుసార్లు కొలుచుకోమన్నాడు. వేసవిలో చెమట వల్ల, చలికాలంలో దాహం వేయక, తగ్గేది మూత్రమే.